ఎన్-టైప్ సిలికాన్ వేఫర్‌లో బోరాన్ జంక్షన్: ఆక్సిడేషన్ నుంచి అనీలింగ్ దాకా వరుసగా చేసే పద్ధతి

ఆక్సిడేషన్, ఫోటోలితోగ్రఫీ, అయాన్ ఇంప్లాంటేషన్, అనీలింగ్. ఈ నాలుగింటినీ విడివిడిగా నేర్చుకున్నవాళ్లు కూడా ఒకే వేఫర్ మీద వరుసగా చేయబోయేసరికి తడబడతారు. కారణం ఒకటే. ఇక్కడ ఒక అంచెలో జరిగిన తప్పు ఆ అంచెలో కనబడదు. ఆక్సైడ్ పలచబడితే ఆ సంగతి ఇంప్లాంట్ తర్వాత గానీ తెలియదు. డోసు తగ్గితే అనీలింగ్ అయ్యాక గానీ తెలియదు. అప్పటికి వెనక్కి వెళ్లే దారి ఉండదు.

అందుకని ఒక చిన్న నిర్మాణాన్నే తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఎన్-టైప్ వేఫర్ మీద మందపాటి ఆక్సైడ్ పెంచి, అందులో కిటికీలు తెరిచి, వాటిగుండా బోరాన్ పంపి, లోపల పి-టైప్ ప్రాంతం తయారుచేయడం. డయోడ్ అయినా, పి-ఛానెల్ ట్రాన్సిస్టర్‌లోని సోర్స్, డ్రెయిన్ అయినా ప్రాథమికంగా ఇదే పని. మెటల్ వేయడం ఇందులో లేదు.

మనం చేరుకోవలసిన లక్ష్యాలు ఇవి:

- వేఫర్: 100 మిల్లీమీటర్లు, ఎన్-టైప్, (100) తలం, 1–10 ఓమ్-సెంటీమీటర్
- ఫీల్డ్ ఆక్సైడ్: 500 నానోమీటర్లు
- అతి చిన్న కిటికీ: 10 మైక్రాన్లు
- స్క్రీన్ ఆక్సైడ్: 20 నానోమీటర్లు
- బోరాన్: 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 10¹⁵ అయాన్లు
- అనీలింగ్: 950 °C, 30 నిమిషాలు, నైట్రోజన్‌లో
- చివర్లో షీట్ రెసిస్టెన్స్: చదరానికి 100 నుంచి 130 ఓమ్‌లు

## 1. పని మొదలుపెట్టేముందు

అసలు వేఫర్లతో పాటు అదే రకం వేఫర్లు కనీసం మూడు అదనంగా తీసుకోండి. వీటిని మానిటర్ వేఫర్లు అంటారు. ఒకటి ఆక్సైడ్ మందం కొలవడానికి, ఎచింగ్ వేగం చూసుకోవడానికి. రెండోది ఎక్స్‌పోజర్ సమయం పరీక్షించడానికి. మూడోది ఇంప్లాంట్, అనీలింగ్‌ల కోసం. ఈ మూడోదాని మీద ఫీల్డ్ ఆక్సైడ్ ఉండకూడదు, కిటికీలూ ఉండకూడదు. స్క్రీన్ ఆక్సైడ్ మాత్రమే ఉండి, వేఫర్ మొత్తానికి బోరాన్ అందాలి. చివర్లో షీట్ రెసిస్టెన్స్ కొలిచేది దీని మీదే. దీన్ని మిగుల్చుకోవాలని ‘వేఫర్లు తక్కువగా ఉన్నాయి కదా’ అని వదిలేస్తే, తర్వాత ఏ అంచెలో తప్పు జరిగిందో తేల్చే ఆధారమే పోతుంది.

ప్రతి వేఫర్ వెనకవైపు అంచు దగ్గర డైమండ్ పెన్నుతో నంబరు గీసుకోండి. గీసిన పొడి మీద పడుతుంది కాబట్టి ఈ పని శుభ్రం చేయడానికి ముందే జరిగిపోవాలి.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాలి. పలచని ఆమ్లం చర్మానికి తగిలినా వెంటనే మంట పుట్టదు. నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది, అప్పటికి అది లోపలికి దిగిపోయి ఉంటుంది. మందపాటి తొడుగులు, ముఖానికి షీల్డ్, యాప్రాన్ లేకుండా ఆ బెంచీ దగ్గరికి వెళ్లకండి. ఆమ్లాన్ని ప్లాస్టిక్ పాత్రలోనే పోయాలి, గాజును అది తినేస్తుంది.

## 2. వేఫర్‌ను శుభ్రం చేయడం

కొలిమిలోకి వెళ్లే ప్రతిసారీ ఈ శుభ్రత తప్పదు. వరుస ఇది:

1. అమ్మోనియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు 1:1:5 పాళ్లలో కలిపి, 75 °C దగ్గర 10 నిమిషాలు. ఇది దుమ్మునూ, సేంద్రియ మలినాలనూ తీస్తుంది.
2. డీఅయోనైజ్డ్ నీటిలో 5 నిమిషాలు కడగాలి.
3. నీటికి 50:1గా కలిపిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 30 సెకన్లు. మొదటి ద్రావణంలో ఏర్పడిన పలచటి ఆక్సైడ్ పొర పోతుంది.
4. మళ్లీ కడగాలి.
5. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్, నీరు 1:1:6 పాళ్లలో, 75 °C దగ్గర 10 నిమిషాలు. ఇది లోహాల అవశేషాలను తీస్తుంది.
6. చివరిగా కడిగి, స్పిన్ డ్రయర్‌లో ఆరబెట్టాలి.

పెరాక్సైడ్ వేడికి విడిపోతుంది. నిన్న కలిపిన ద్రావణాన్ని ఇవాళ మళ్లీ వేడిచేసి వాడితే శుభ్రత జరగదు. పైగా మొదటి ద్రావణంలో పెరాక్సైడ్ పూర్తిగా తగ్గిపోతే, మిగిలిన అమ్మోనియా సిలికాన్‌ను గరుకుగా కొరికేస్తుంది. ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోండి.

మూడో అంచె సరిగా జరిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. ఏమీ లేని సిలికాన్ నీటిని అంటించుకోదు. వేఫర్‌ను పైకి తీసినప్పుడు నీరు చుక్కలుగా విడిపోయి జారిపోవాలి, ఉపరితలం పొడిగా బయటికి రావాలి. నీరు పొరలా పట్టుకుని ఉంటే ఇంకా ఆక్సైడ్ ఉన్నట్టే. ఈ గుర్తు మనకు కిటికీలు ఎచ్ చేసేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

## 3. ఫీల్డ్ ఆక్సైడ్ పెంచడం

500 నానోమీటర్ల మందం కావాలంటే ఆవిరితో చేసే తడి ఆక్సిడేషనే దారి. పొడి ఆక్సిజన్‌తో అంత మందం రావాలంటే చాలా గంటలు పడుతుంది. ఎంతసేపు ఉంచాలో ఈ సూత్రం చెబుతుంది:

```
t = x²/B + x/(B/A)

x = 0.5, B ≈ 0.315, B/A ≈ 0.74
t = 0.79 + 0.68 ≈ 1.47
```

ఇందులో మందం మైక్రాన్లలో, సమయం గంటల్లో ఉంటాయి. ఇచ్చిన విలువలు 1000 °C, (100) తలం, తడి ఆక్సిడేషన్‌కు చెందినవి. అంటే దాదాపు 90 నిమిషాలు. (111) తలం వేఫర్ అయితే ఇదే కొలిమిలో ఇంకా త్వరగా పెరుగుతుంది, కనుక పెట్టె మీద రాసి ఉన్న తలం ఒకసారి చూసుకోండి.

కొలిమిలో వరుస:

1. 800 °C దగ్గర నైట్రోజన్ ప్రవాహంలో వేఫర్లున్న క్వార్ట్జ్ బోటును నెమ్మదిగా లోపలికి తోయాలి. నిమిషానికి 10 సెంటీమీటర్లు మించకూడదు. తొందరపడితే అంచు ఒక వేడిలో, నడుమ ఒక వేడిలో ఉండి వేఫర్ వంగిపోతుంది.
2. నిమిషానికి 5–10 °C చొప్పున 1000 °Cకి తీసుకెళ్లాలి.
3. పొడి ఆక్సిజన్ 5 నిమిషాలు.
4. ఆవిరి 90 నిమిషాలు.
5. మళ్లీ పొడి ఆక్సిజన్ 5 నిమిషాలు. పైపొరలోని తేమ తగ్గుతుంది, తర్వాత రెసిస్ట్ బాగా అంటుకుంటుంది.
6. నైట్రోజన్‌లో 800 °Cకి దించి, వెళ్లినంత నెమ్మదిగానే బయటికి తీయాలి.

బోటుకు రెండు చివరలా రెండేసి పనికిరాని వేఫర్లు పెట్టండి. వాయుప్రవాహం మొదటి, చివరి వేఫర్ల దగ్గర ఎప్పుడూ ఒకేలా ఉండదు.

తీశాక మానిటర్‌ను ఎలిప్సోమీటర్‌తో ఐదు చోట్ల కొలవాలి: నడుమ ఒకటి, నాలుగు అంచుల దగ్గర నాలుగు. తేడా 15 నానోమీటర్లకు మించకూడదు. 500 దగ్గర ఆక్సైడ్ నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. కానీ రంగును మాత్రమే నమ్మకండి. మందం పెరిగేకొద్దీ రంగులు తిరిగి తిరిగి వస్తాయి, 320 దగ్గర కూడా ఇంచుమించు ఇలాంటి రంగే ఉంటుంది. ఇప్పటికే ఒక కొలత చేతిలో ఉన్నప్పుడు, వేఫర్ అంతటా సమంగా ఉందా లేదా చూసుకోవడానికి రంగు బాగా పనికొస్తుంది.

మందం తక్కువ వచ్చిందంటే మొదట చూడవలసింది ఆవిరి. బబ్లర్‌లో నీరు 95 °C దగ్గర ఉండాలి. బబ్లర్‌కూ ట్యూబుకూ మధ్య గొట్టం చల్లగా ఉంటే ఆవిరి దారిలోనే నీరైపోతుంది. గొట్టం గోడల మీద చెమ్మ కనబడితే కారణం దొరికినట్టే.

500 ఎందుకంటారా? బోరాన్‌ను ఆపడానికి ఎంత ఆక్సైడ్ కావాలో లెక్క కట్టి పెట్టిన సంఖ్య అది. 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల బోరాన్ సగటున 160 నానోమీటర్ల లోతుకు వెళ్తుంది, ఆ లోతుకు అటూఇటూ వ్యాప్తి సుమారు 55. ఆక్సైడ్‌లోనూ సిలికాన్‌లోనూ ఈ విలువలు దాదాపు ఒక్కటే. ఆక్సైడ్ కింద చేరే బోరాన్ వేఫర్‌లో మొదటినుంచీ ఉన్న ఫాస్ఫరస్‌లో పదో వంతుకు మించకూడదనుకుంటే:

```
160 + 5.2 × 55 ≈ 446 nm
```

అంటే మన దగ్గర మిగులు 50 నానోమీటర్లే. కొలతలో 440 వస్తే ‘పర్లేదులే’ అని ముందుకు పోకండి. మళ్లీ శుభ్రం చేసి, మిగతా మందం పెంచి రండి. ఆక్సిడేషన్‌లో ఉన్న సౌకర్యం ఇదే, తక్కువైతే కలుపుకోవచ్చు.

## 4. ఫోటోలితోగ్రఫీ

ఇక్కడినుంచి పని పసుపు వెలుతురు గదిలో. గదిలో తేమ 40–50 శాతం మధ్య ఉండాలి. మరీ పొడిగా ఉంటే పాజిటివ్ రెసిస్ట్ సరిగా పనిచేయదు, ఎందుకంటే వెలుతురు తగిలాక జరిగే రసాయన చర్యకు కాస్త నీరు కావాలి.

4.1 పూత

వేఫర్‌ను 150–200 °C హాట్‌ప్లేట్ మీద 5 నిమిషాలు ఉంచి తేమ పోగొట్టాలి. చల్లారగానే హెచ్‌ఎండీఎస్ ఆవిరి పట్టించాలి. ఇది ఆక్సైడ్‌నూ రెసిస్ట్‌నూ కలిపి ఉంచే పూత. దీన్ని వదిలేస్తే ఎచింగ్‌లో ఆమ్లం రెసిస్ట్ కిందికి దూరి, కిటికీల అంచులు చిరిగిన గుడ్డలా తయారవుతాయి.

రెసిస్ట్ 3–4 మిల్లీలీటర్లు నడుమ పోసి, నిమిషానికి 4000 చుట్లతో 40 సెకన్లు తిప్పితే సాధారణంగా 1.3 మైక్రాన్ల మందం వస్తుంది. పోసేటప్పుడు గాలి బుడగ ఉంటే దాని తోక అంచుదాకా గీతలా కనిపిస్తుంది. అలాంటి వేఫర్‌ను సర్దే ప్రయత్నం చేయకుండా అసిటోన్‌తో కడిగి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. తర్వాత 115 °C హాట్‌ప్లేట్ మీద 60 సెకన్లు.

4.2 అంచు గట్టు

తిరిగేటప్పుడు రెసిస్ట్ అంచున గట్టుకడుతుంది. చూడటానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, కాంటాక్ట్ అలైనర్‌లో చాలా ఇబ్బందులకు మూలం ఇదే. మాస్క్ ఆ గట్టు మీద ఆగిపోతుంది, నడుమ వేఫర్‌కూ మాస్క్‌కూ సందు మిగులుతుంది. ఆ సందు ఎంత నష్టం చేస్తుందో చూడండి:

```
R = 1.5 × √( λ × (g + z/2) )

g = 0   : R = 1.5 × √(0.365 × 0.65)  ≈ 0.7 µm
g = 10  : R = 1.5 × √(0.365 × 10.65) ≈ 3.0 µm
```

ఇందులో g సందు, z రెసిస్ట్ మందం, λ వెలుతురు తరంగదైర్ఘ్యం, అన్నీ మైక్రాన్లలో. పది మైక్రాన్ల సందుకే 0.7 మైక్రాన్ల స్పష్టత 3 మైక్రాన్లకు పడిపోయింది. మన 10 మైక్రాన్ల కిటికీ ఇంకా నిలబడుతుంది గానీ మూలలు గుండ్రమవుతాయి, రెండు మైక్రాన్ల గీతలైతే అసలు రావు. సాల్వెంట్‌లో తడిపిన స్వాబ్‌తో అంచు చుట్టూ 3–4 మిల్లీమీటర్ల మేర తుడిచేయండి. ఒక దుమ్ము రేణువు కూడా ఇదే పని చేస్తుంది. మాస్క్‌కూ వేఫర్‌కూ మధ్య ఇంద్రధనుస్సు వలయాలు ఒక చోటు చుట్టూ గుమిగూడితే, ఆ నడుమ రేణువు ఉన్నట్టు.

4.3 ఎక్స్‌పోజర్

మాస్క్ పెట్టేముందు రెండు ప్రశ్నలు. క్రోమ్ ఉన్న ముఖం వేఫర్ వైపు ఉందా? పాజిటివ్ రెసిస్ట్ కాబట్టి, కిటికీలు రావలసిన చోట మాస్క్ పారదర్శకంగా ఉందా? రెండోది తారుమారైతే కిటికీలు మూతలుగా మిగిలి చుట్టూ ఆక్సైడ్ అంతా పోతుంది.

రెసిస్ట్‌కు చదరపు సెంటీమీటరుకు 120 మిల్లీజౌళ్లు కావాలి, దీపం తీవ్రత 15 మిల్లీవాట్లు ఉందనుకుంటే, సమయం 8 సెకన్లు. దీపం రోజురోజుకూ మసకబారుతుంది కాబట్టి తీవ్రతను ఆ రోజే కొలవండి. రెండో మానిటర్ మీద 6, 7, 8, 9, 10 సెకన్ల పట్టీలు వేసి చూసుకుంటే ఇంకా నమ్మకం.

4.4 డెవలప్ చేయడం, చూడటం

0.26 నార్మల్ టీఎంఏహెచ్ డెవలపర్‌లో, 21–23 °C దగ్గర, 60 సెకన్లు. తర్వాత నీటితో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టాలి. వెంటనే మైక్రోస్కోప్ కింద పెట్టండి, పసుపు ఫిల్టర్ వేసుకుని.

కిటికీ అడుగు అంతా ఒకే రంగులో, అంటే ఆక్సైడ్ సొంత రంగులో ఉంటే బాగున్నట్టు. మూలల్లో మచ్చల్లా వేరే రంగులు కనబడితే రెసిస్ట్ ఇంకా పలచగా మిగిలి ఉంది. ఎక్స్‌పోజర్ చాలలేదన్నమాట. కిటికీ 10కి బదులు 11.5 ఉంటే ఎక్కువైంది. పలచటి మిగులు మాత్రమే సమస్యైతే తక్కువ పవర్ ఆక్సిజన్ ప్లాస్మాలో 30–60 సెకన్లు పెడితే పోతుంది. ఆకారమే సరిగా లేకపోతే రెసిస్ట్ తీసేసి మళ్లీ వేయాలి. వెనక్కి తిరగడానికి ఇదే చివరి అవకాశం, ఇంకో గంట పోయినా పర్వాలేదు.

అన్నీ బాగుంటే 115 °C దగ్గర 2 నిమిషాలు గట్టిపరచండి.

## 5. కిటికీలు తెరవడం

6:1 బఫర్డ్ ఆక్సైడ్ ఎచ్ గది వేడిమిలో నిమిషానికి సుమారు 100 నానోమీటర్లు తీస్తుంది. ముందుగా మొదటి మానిటర్‌ను ఒక నిమిషం ముంచి, మందం మళ్లీ కొలిచి, మీ సీసాలోని ద్రావణం అసలు వేగం తెలుసుకోండి. వేగం 100 ఉంటే 5 నిమిషాలు, దానికి ఇంకో నిమిషం కలిపి 6.

చిన్న కిటికీల్లో గాలి చిక్కుకుని ఆమ్లం అందకపోవచ్చు. ముందుగా నీటిలో ముంచి తడిపి, ఎచ్‌లో పెట్టాక మెల్లగా కదుపుతూ ఉండండి.

అయిందో లేదో చెప్పేది వేఫర్ వెనకభాగం. అక్కడా 500 నానోమీటర్ల ఆక్సైడే ఉంది, రెసిస్ట్ మాత్రం లేదు. వేఫర్‌ను పైకెత్తితే మొదటి నిమిషాల్లో వెనకభాగం తడితడిగా మెరుస్తుంది. అయిదో నిమిషం దగ్గర ఒక్కసారిగా ద్రవం ముడుచుకుని చుక్కలై జారిపోతుంది. అప్పటినుంచి ఇంకో నిమిషం చాలు. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం పక్కలకు కూడా అంతే వేగంతో తింటుంది. ఎలాగూ ప్రతి అంచునా దాదాపు అర మైక్రాను పోతుంది, దాన్ని మాస్క్ గీసేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.

కడిగాక రెసిస్ట్‌ను అసిటోన్‌తో తీసి, ఆల్కహాల్‌తోనూ నీటితోనూ బాగా కడిగి, ఆ తర్వాతే గంధకామ్లం-పెరాక్సైడ్ (3:1) ద్రావణంలో 10 నిమిషాలు పెట్టండి. అసిటోన్ చుక్క మిగిలి ఉండగా ఆ ద్రావణంలోకి వెళ్తే పేలుడు ప్రమాదం ఉంది.

## 6. స్క్రీన్ ఆక్సైడ్

రెండో విభాగంలోని శుభ్రత మొత్తం మళ్లీ చేసి, మూడో మానిటర్‌ను కూడా కలిపి, 950 °C దగ్గర పొడి ఆక్సిజన్‌లో సుమారు అరగంట. 20 నానోమీటర్లు రావాలి. ఇంత పలచటి పొరల్లో కొలిమికీ కొలిమికీ తేడా ఉంటుంది కాబట్టి సమయాన్ని మీ కొలిమి మీద ఒకసారి పరీక్షించి స్థిరపరచుకోండి.

ఈ పొర పనులు రెండు. యంత్రంలోని లోహపు మలినాలు సిలికాన్‌ను చేరకుండా ఆపడం, అయాన్లను కాస్త చెదరగొట్టి స్ఫటిక వరుసల మధ్య సూటిగా జారిపోకుండా చూడటం.

## 7. అయాన్ ఇంప్లాంటేషన్

చాలామంది ఈ పనిని బయట చేయిస్తారు. కనుక ఆర్డర్ కాగితం మీద ఏం రాయాలో ముందు చూద్దాం:

- అయాన్: ద్రవ్యరాశి 11 ఉన్న బోరాన్
- శక్తి: 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు
- డోసు: చదరపు సెంటీమీటరుకు 1 × 10¹⁵
- వంపు 7 డిగ్రీలు, తిప్పు 22 డిగ్రీలు
- బీమ్ కరెంట్ గరిష్ఠంగా 100 మైక్రోఆంపియర్లు
- మూడో మానిటర్ కూడా ఇదే విడతలో

‘బోరాన్’ అని మాత్రమే రాసి వదిలేయకండి. బోరాన్ ట్రైఫ్లోరైడ్ వాయువు వాడితే ద్రవ్యరాశి 49 ఉన్న బీఎఫ్2 అయాను కూడా పుడుతుంది, దాని కరెంట్ తరచుగా ఎక్కువే ఉంటుంది. పొరపాటున దాన్ని ఎంచుకుంటే శక్తి పంచుకుపోతుంది. బోరాన్ వాటా 50 × 11/49, అంటే సుమారు 11 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులే. డోసు సరిగ్గానే పడుతుంది, షీట్ రెసిస్టెన్స్ కూడా పెద్దగా మారదు, కానీ జంక్షన్ చాలా పైన ఏర్పడుతుంది. ఇది కొలతకు సులువుగా చిక్కని తప్పు. యంత్రం లాగ్‌లో ద్రవ్యరాశి అంకె చూడటమే దీనికి మందు.

ఏడు డిగ్రీల వంపు ఎందుకంటే, (100) వేఫర్‌ను నిలువుగా చూస్తే అణువుల వరుసల మధ్య సందులు బావుల్లా ఉంటాయి. నిటారుగా వచ్చిన బోరాన్ వాటిలోంచి లెక్కకు అందనంత లోతుకు జారిపోతుంది.

సమయం లెక్క:

```
t = D × q × A / I
  = 10^15 × 1.6×10^-19 × 100 / (100×10^-6)
  = 160 s
```

వేఫర్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లే అయినా, బీమ్ అంచులు దాటి కూడా తిరుగుతుంది కాబట్టి ఇక్కడ 100 తీసుకున్నాం. యంత్రం మూడు నిమిషాలకు బదులు నిమిషంన్నరలో పని ముగించిందంటే, ఎందుకో అడగాలి.

డోసు తప్పడానికి ముఖ్యమైన కారణాలు రెండు, రెండూ విరుద్ధ దిశల్లో లాగుతాయి. అయాను తగిలినప్పుడు ఫారడే కప్పులోంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి. వాటిని తిరిగి లోపలికి నెట్టే సప్రెషన్ వోల్టేజి లేకపోతే, బయటికిపోయిన ప్రతి ఎలక్ట్రానూ అదనపు అయానులా లెక్కలోకి వస్తుంది. యంత్రం ముందుగానే ఆగిపోతుంది, డోసు తగ్గుతుంది. రెండోది, శూన్యత చాలకపోతే దారిలో కొన్ని అయాన్లు ఎలక్ట్రాన్‌ను పట్టుకుని తటస్థ అణువులవుతాయి. వేఫర్‌లోకి అవి దిగుతాయి గానీ మీటరుకు కనబడవు, కనుక డోసు పెరుగుతుంది.

ఆక్సైడ్‌కు బదులు రెసిస్ట్‌నే మాస్క్‌గా ఉంచి ఇంప్లాంట్ చేయవచ్చు గానీ, 10¹⁵ డోసుకు రెసిస్ట్ పైపొర బొగ్గులా గట్టిపడుతుంది. అసిటోన్‌కు లొంగదు. ముందు ఆక్సిజన్ ప్లాస్మాలో కాల్చి, తర్వాతే ఆమ్లంలో వేయాలి.

## 8. అనీలింగ్

ఇంప్లాంట్ అయిన వెంటనే కొలిస్తే బోరాన్ పనిచేస్తున్న దాఖలాయే ఉండదు. అణువులు స్ఫటికంలో తమ స్థానాల్లో లేవు, చుట్టూ సిలికాన్ వరుసలు చెదిరి ఉన్నాయి. వేడి ఈ రెండింటినీ సరిచేస్తుంది.

ఇక్కడ బోరాన్‌కు ఒక విచిత్ర స్వభావం ఉంది, దీన్ని తెలుసుకోకపోతే తప్పుదారి పడతారు. ఈ స్థాయి డోసుకు 500 నుంచి 600 °C మధ్య వేడి పెంచేకొద్దీ పనిచేసే బోరాన్ పెరగడానికి బదులు తగ్గుతుంది. స్థానం వదిలిన సిలికాన్ అణువులు తిరుగుతూ బోరాన్‌ను దాని చోటునుంచి నెట్టివేస్తాయి. ఫాస్ఫరస్‌తో 600 °C దగ్గర మంచి ఫలితం చూసినవాళ్లు బోరాన్‌కూ అదే చాలనుకుంటారు. ఫాస్ఫరస్ బరువైనది, ఈ డోసుకు సిలికాన్‌ను పూర్తిగా చెదరగొట్టేస్తుంది. ఆ పొర కింది స్ఫటికాన్ని అచ్చుగా తీసుకుని మళ్లీ క్రమంగా పెరుగుతుంది. తేలికైన బోరాన్ అలా చేయదు, సగం సగం గాయపరుస్తుంది. అందుకే 900 °C దాటాలి.

వరుస:

1. శుభ్రత మళ్లీ చేయాలి. కానీ హైడ్రోఫ్లోరిక్ అంచె వదిలేయాలి, లేకుంటే స్క్రీన్ ఆక్సైడ్ పలచబడుతుంది.
2. 800 °C దగ్గర నైట్రోజన్‌లో లోపలికి.
3. 950 °Cకి పెంచి 30 నిమిషాలు.
4. నిమిషానికి 3–5 °C చొప్పున దించి బయటికి.

కొలిమిలోకి ఆక్సిజన్ కారితే రెండు నష్టాలు. పెరిగే ఆక్సైడ్ బోరాన్‌ను తనలోకి లాక్కుంటుంది, ఆక్సిడేషన్ జరిగే చోట బోరాన్ వ్యాప్తి కూడా వేగం పుంజుకుంటుంది. అంటే జంక్షన్ లోతెక్కి, పైన బోరాన్ తగ్గుతుంది. మానిటర్ మీద స్క్రీన్ ఆక్సైడ్ అనీలింగ్‌కు ముందు 20 ఉండి, తర్వాత 28 వచ్చిందంటే ఎక్కడో లీకు ఉంది.

సరిగా జరిగితే జంక్షన్ సుమారు అర మైక్రాను పైచిలుకు లోతులో ఉంటుంది. అంతకన్నా పైన కావాలంటే 1000–1050 °C దగ్గర కొన్ని సెకన్ల ర్యాపిడ్ అనీలింగే దారి. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే వ్యాప్తి తగ్గుతుందనుకోవడం పొరపాటు. గాయం మానేదాకా బోరాన్ మామూలుకన్నా చాలా వేగంగా కదులుతుంది, తక్కువ వేడిలో ఆ దశ ఎక్కువసేపు సాగుతుంది.

## 9. కొలత, తప్పు పట్టుకోవడం

మూడో మానిటర్ మీద మాత్రమే స్క్రీన్ ఆక్సైడ్ తీసి, ఫోర్-పాయింట్ ప్రోబ్‌తో కొలవండి. అసలు వేఫర్ల మీది ఆక్సైడ్‌ను అప్పటిదాకా తాకవద్దు. విస్తారమైన పొరకు షీట్ రెసిస్టెన్స్ 4.53 × V/I. కరెంట్‌ను 4.53 మిల్లీఆంపియర్లకు పెడితే, మిల్లీవోల్టుల్లో కనిపించే అంకే ఓమ్‌లలో జవాబు.

110కి బదులు 240 వచ్చిందనుకుందాం. ఇలా వెళ్లండి:

1. అంకె నిలకడగా ఉందా? ఊగిసలాడుతుంటే ఆక్సైడ్ పూర్తిగా పోలేదు. మళ్లీ ముంచి కొలవండి.
2. హాట్ ప్రోబ్‌తో ఉపరితలం పి-టైప్ అని నిర్ధారించుకోండి.
3. మానిటర్‌ను విరిచి, సగం ముక్కను శుభ్రం చేసి 1000 °C దగ్గర నైట్రోజన్‌లో 10 నిమిషాలు ఉంచి మళ్లీ కొలవండి.

మూడో అంచె అసలు సంగతి చెబుతుంది. 240 కాస్తా 115కి దిగితే బోరాన్ సరిపడా ఉంది, అనీలింగే చాలలేదు. కొలిమి 950 చూపించినా లోపల అంత లేదు. థర్మోకపుల్‌ను ఇంకొకదానితో సరిపోల్చి, అసలు వేఫర్లను మళ్లీ అనీల్ చేయండి. 240నుంచి 225 దాకా మాత్రమే దిగితే బోరానే తక్కువ పడింది. డోసు సగమైతే నిరోధం సరిగ్గా రెట్టింపు కాదు, బోరాన్ తగ్గినచోట హోల్స్ కాస్త సులువుగా కదులుతాయి గనుక రెట్టింపుకు కొంచెం తక్కువే ఉంటుంది. అంటే 225 వచ్చిందంటే పడింది సగానికన్నా తక్కువ. ఇంప్లాంటర్ లాగ్‌లో సప్రెషన్ వోల్టేజి చూడండి.

స్క్రీన్ ఆక్సైడ్ ఇంకా ఉంది కాబట్టి అసలు వేఫర్లు చేజారిపోలేదు. కొత్త మానిటర్‌తో కలిపి మిగతా డోసు వేయించి, మళ్లీ అనీల్ చేయవచ్చు. జంక్షన్ కొంచెం లోతెక్కుతుంది, అంతే.

అంకె 100–130 మధ్యకు వచ్చాక అసలు వేఫర్లను బఫర్డ్ ఎచ్‌లో 20 సెకన్లు ముంచండి. కిటికీల్లోని 20 నానోమీటర్లు పోతాయి, ఫీల్డ్ ఆక్సైడ్ 30 నానోమీటర్లకు కాస్త పైగా మాత్రమే తగ్గుతుంది. కడిగి ఆరబెట్టి, గంట లోపు మెటల్ ఛాంబర్‌లోకి ఎక్కించండి. ఆలస్యమైతే బయటపడిన సిలికాన్ మీద గాలికి మళ్లీ ఆక్సైడ్ పడుతుంది.